ఏప్రిల్‌లో 24 శాతం, జూలైలో 16 శాతం: చిల్లర్ ఆదా లెక్కలో తేమ వదిలేస్తే వచ్చే చిక్కు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫెసిలిటీస్ చూస్తాను. 200 టన్నుల పాత వాటర్ కూల్డ్ చిల్లర్లు రెండూ తీసేసి కొత్తవి పెడుతున్నాం. ప్లాంటు వాడకంలో 22 శాతం ఆదా వస్తుందని, దాన్ని బట్టి మూడేళ్లపాటు తన వాటా ఇవ్వాలని కాంట్రాక్టరు అంటున్నాడు. ప్లాంటు ప్యానెల్ మీటరు రీడింగు రోజూ ఉదయం 6 గంటలకు లాగ్‌బుక్‌లో రాస్తాం. 12 నెలల వాడకాన్ని డిగ్రీ డేలతో రిగ్రెషన్ చేస్తే R² 0.91 వచ్చింది. మెయిన్ బిల్లులతో చేసినా సీవీ 5 శాతమే ఉంది కాబట్టి బిల్లులే చాలని అకౌంట్స్ వాళ్లు అంటున్నారు. షీటు జతచేశాను. ఆదాను కొలిచి సరిచూసే ఎం అండ్ వీ ప్లాన్‌లో ఏం రాయించుకోవాలి?

సమాధానం:

పాత చిల్లర్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి మీరు సరైన సమయానికే అడిగారు. వాటిని విప్పి స్క్రాప్‌కు పంపాక బేస్‌లైన్‌లో ఏ అనుమానం వచ్చినా తీర్చుకునే దారి ఉండదు. ప్లాన్ మీద ఇద్దరి సంతకాలూ పడేదాకా షట్‌డౌన్ తేదీ ఖరారు చేయకండి.

మీ షీటు తీసుకుని లెక్క మళ్లీ వేశాను. వాడకంలోని హెచ్చుతగ్గుల్లో ఎంత భాగాన్ని మోడల్ పట్టిందో చెప్పే R² నిజంగానే 0.91 వచ్చింది, మోడల్ అంచనాలు సగటు వాడకంలో ఎంత శాతం అటూ ఇటూ అవుతాయో చెప్పే సీవీ 4.9 శాతం. నెలవారీ మోడల్‌కు సీవీ 15 శాతం లోపు ఉంటే చాలని ఏసీ ఇంజనీర్ల సంస్థ యాష్రే గైడ్‌లైన్ 14 అంటుంది కాబట్టి ఆ గీటు సులువుగానే దాటారు. అయినా ఈ మోడల్‌తో సంతకం పెట్టవద్దనే నా సలహా. ఎందుకో చెప్పేముందు ఏ మీటరు మీద లెక్క కట్టాలో తేల్చుకుందాం, ఎందుకంటే మీ అకౌంట్స్ వాళ్ల మాటకు జవాబు అక్కడే ఉంది.

మీ షీటు ప్రకారం ఆసుపత్రి మొత్తం వాడకంలో చిల్లర్ ప్లాంటు వాటా 44 శాతం. కాంట్రాక్టరు చెప్పిన 22 శాతం పూర్తిగా వచ్చినా మెయిన్ మీటరు మీద అది 10 శాతం లోపే కనిపిస్తుంది. కొత్త ఎంఆర్ఐ, ఇంకో ఆపరేషన్ థియేటర్, లాండ్రీలో అదనపు షిఫ్టు లాంటివి ఏవి వచ్చినా అంతే మొత్తాన్ని మింగేయగలవు. ఆదా కొలతకు అంతర్జాతీయంగా వాడే ఐపీఎంవీపీ పద్ధతుల్లో మొత్తం భవనం మీటరుతో లెక్కించే పద్ధతిని ఆప్షన్ సీ అంటారు. మార్చిన వ్యవస్థ చుట్టూ గీత గీసి అక్కడి శక్తిని విడిగా కొలిచే పద్ధతి ఆప్షన్ బీ. మీకు ప్యానెల్ మీటరూ ఉంది, ఏడాది లాగ్‌బుక్కూ ఉంది. ఆప్షన్ బీ తీసుకోండి.

ఆ గీత ఎక్కడ గీయాలన్నదే మొదటి బేరం. కాంట్రాక్టరు చిల్లర్ కంప్రెసర్ల వరకే గీయమంటాడు. ఒప్పుకోవద్దు. కొత్త చిల్లర్ కండెన్సర్‌లో ప్రెషర్ డ్రాప్ ఎక్కువైతే కండెన్సర్ పంపు ఎక్కువ లాగుతుంది. కండెన్సర్ నీరు ఇంకా చల్లగా కావాలని టవర్ ఫ్యాన్లను ఎడతెరిపి లేకుండా నడిపిస్తే కంప్రెసర్‌లో మిగిలింది ఫ్యాన్లలో పోతుంది. రెండు చిల్లర్లు, ప్రైమరీ పంపులు, కండెన్సర్ పంపులు, టవర్ ఫ్యాన్లు అన్నీ గీత లోపలే ఉండాలి. మీ ప్యానెల్ ఫోటో చూస్తే ఇవన్నీ ఆ ఒక్క ఇన్‌కమర్ మీదే ఉన్నట్టున్నాయి. టవర్ ఫ్యాన్ల ఫీడరు కూడా అక్కడినుంచే వెళ్తోందో లేదో మాత్రం ఎలక్ట్రీషియన్‌ను దగ్గర ఉంచుకుని కళ్లారా చూసుకోండి. టెర్రస్ మీది ఫ్యాన్లకు లిఫ్ట్ ప్యానెల్ నుంచి సప్లై లాగిన చోట్లు నేను చూశాను.

ఇక డిగ్రీ డేలు. మీరు బేస్ 20 డిగ్రీలు తీసుకున్నారు. 18 అయితే ఏమవుతుందని షీట్లో పక్కనే రాసుకున్నారు. 18 పెట్టి చూస్తే R² దాదాపు కదలదు, 16కి దించినా అంతే. కారణం తెలుసుకుంటే మంచిది. ఆ రోజు సగటు ఉష్ణోగ్రత బేస్ కంటే ఎంత ఎక్కువో అదే ఆ రోజు డిగ్రీ డే, తక్కువైతే సున్నా. హైదరాబాద్‌లో రోజు సగటు 16కి దిగే రోజులు దాదాపు ఉండవు. అలాంటప్పుడు డిగ్రీ డే అంటే సగటు ఉష్ణోగ్రతలోంచి ఒక స్థిరసంఖ్య తీసేయడమే. బేస్ మార్చితే మోడల్‌లో స్థిరపదం మారుతుంది తప్ప అంచనా మారదు. అందుకే చలి దేశాల్లో చెప్పినట్టు "స్థిరపదమే భవనం బేస్ లోడు" అని మన దగ్గర అర్థం చెప్పుకోకూడదు. ప్లాన్‌లో బేస్ 20 అని రాసేసి వదిలేయండి, దాని మీద వాదించుకునేంత పస లేదు.

వాదించుకోవాల్సిన సంగతి వేరే ఉంది. మీ 12 నెలలను ఒక పట్టికలో పెట్టాను. అన్నీ రోజు సగటులే. రీడింగుల మధ్య ఒక నెలకు 28 రోజులు, ఇంకో నెలకు 31 రోజులు వస్తాయి కాబట్టి నెల మొత్తాల కంటే రోజు సగటులతో వెళ్లడమే మేలు. తేమ అంటే కిలో పొడిగాలికి ఎన్ని గ్రాముల నీటి ఆవిరి అని. అది మీ షీట్లో లేదు, అవే తేదీలకు విమానాశ్రయం డేటా నుంచి నేను కలిపాను. చివరి గడిలో ఉన్నది నిజంగా కాలిన యూనిట్లలోంచి మీ మోడల్ చెప్పిన అంచనా తీసేస్తే మిగిలే తేడా.

| నెల | డిగ్రీ డేలు | తేమ | యూనిట్లు | తేడా |
|---|---|---|---|---|
| జనవరి | 2.8 | 9.4 | 3450 | −103 |
| ఫిబ్రవరి | 5.2 | 9.0 | 3730 | −271 |
| మార్చి | 8.9 | 9.6 | 4540 | −151 |
| ఏప్రిల్ | 11.8 | 11.2 | 4990 | −242 |
| మే | 13.4 | 12.2 | 5480 | −51 |
| జూన్ | 9.6 | 16.4 | 4950 | +128 |
| జూలై | 7.2 | 17.4 | 4680 | +306 |
| ఆగస్టు | 6.5 | 17.4 | 4590 | +347 |
| సెప్టెంబరు | 6.6 | 17.2 | 4400 | +138 |
| అక్టోబరు | 5.7 | 14.6 | 4190 | +96 |
| నవంబరు | 3.7 | 11.8 | 3650 | −71 |
| డిసెంబరు | 2.4 | 9.6 | 3350 | −128 |

చివరి గడిని పైనుంచి కిందికి ఒకసారి చదవండి. జనవరి నుంచి మే దాకా అన్నీ మైనస్. జూన్ నుంచి అక్టోబరు దాకా అన్నీ ప్లస్. మోడల్ సరైనదైతే ప్లస్సులూ మైనస్సులూ చెదురుమదురుగా పడాలి. ఇలా గుంపులు కట్టాయంటే చిల్లర్ మీద పనిచేస్తున్న కారణం ఇంకొకటి ఉంది, మోడల్‌కు అది తెలియదని అర్థం.

ఆ కారణం తేమ. ఫిబ్రవరికీ ఆగస్టుకూ డిగ్రీ డేల్లో తేడా ఒకటిన్నర కూడా లేదు, కానీ ఆగస్టులో రోజుకు 860 యూనిట్లు ఎక్కువ కాలాయి. ఆగస్టులో, గాలిని చల్లబరిచి పంపే ఏహెచ్‌యూ కాయిల్ కింద డ్రెయిన్ పైపు ఎలా పారుతుందో మీకు తెలుసు. ఆ నీటినంతా ఆవిరి నుంచి నీరుగా మార్చింది చిల్లరే. ఆసుపత్రి కాబట్టి థియేటర్లకు, ఐసీయూలకు బయటి గాలి ఎక్కువ తీసుకుంటారు, ఆఫీసు భవనం కంటే మీకు ఈ భారం ఎక్కువ. పైగా టవర్ నీటిని ఎంతవరకు చల్లబరచగలదో తేల్చే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత వానాకాలంలో ఎక్కువగా ఉండడం వల్ల టవర్ నుంచి వచ్చే కండెన్సర్ నీరు అంతగా చల్లబడదు, ఒక్కో టన్నుకు కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. థర్మామీటరులో చూస్తే ఆగస్టు చల్లని నెల, ప్లాంటు రూములో నిలబడి చూస్తే కాదు.

దీనివల్ల డబ్బు ఎటు పోతుందో చూద్దాం. కాంట్రాక్టరు పరీక్ష కాలంగా జనవరి నుంచి మే దాకా అడిగాడనుకోండి. ఆ అయిదు నెలల్లో మీ మోడల్ పాత ప్లాంటు వాడకాన్ని రోజుకు సగటున 160 యూనిట్లు ఎక్కువ చేసి చూపిస్తుంది. కొత్త చిల్లర్ ఏమీ చేయకపోయినా ఆ 160 ఆదా ఖాతాలో పడతాయి. జూన్ నుంచి అక్టోబరు పెట్టుకుంటే రోజుకు 200 యూనిట్లు కాంట్రాక్టరు నష్టపోతాడు. ఏడాది మొత్తం కలిపితే తేడాలు చెల్లిపోతాయి. కానీ మీరు వాటా చెల్లించేది నెలనెలా.

తేమను రెండో చలరాశిగా పెట్టి మళ్లీ రిగ్రెషన్ చేశాను. మీ షీట్లో A గడి నెల, B డిగ్రీ డేలు, C తేమ, D యూనిట్లు అనుకుంటే ఎక్సెల్‌లో ఇది చాలు:

```
=LINEST(D2:D13, B2:C13, TRUE, TRUE)
```

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. లినెస్ట్ గుణకాలను వెనకనుంచి ముందుకు ఇస్తుంది. మొదట వచ్చేది తేమ గుణకం, తర్వాత డిగ్రీ డేలది, చివర స్థిరపదం. తారుమారు చేసి రాసుకుంటే అంచనాలు వింతగా వస్తాయి, కారణం వెతుక్కుంటూ ఒక రోజంతా పోతుంది. సరిగ్గా చదివితే వచ్చేది ఇది:

```
E = 2368 + 175.5*CDD + 57.0*W
```

E రోజుకు యూనిట్లు, CDD రోజుకు డిగ్రీ డేలు, W తేమ. R² 0.99కి, సీవీ 1.7 శాతానికి వచ్చాయి. తేమ గుణకాన్ని దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగిస్తే 8 దాటుతోంది, 2 దాటితేనే నమ్మవచ్చంటాం. అంతకంటే నాకు నచ్చింది తేడాల వరుస: జనవరి +55, ఫిబ్రవరి −63, మార్చి +63, ఏప్రిల్ −87, మే +66, జూన్ −37, జూలై +57, ఆగస్టు +90, సెప్టెంబరు −107. గుంపులు పోయాయి. ఇప్పుడు మిగిలినవి ఓపీ రద్దీ, పండగ సెలవులు లాంటి చిన్న చిన్న కారణాల వల్ల వచ్చేవి, వాటిని వదిలేయవచ్చు.

ఇలా ఇంకా రెండు మూడు చలరాశులు చేర్చి R² పెంచుదామని మాత్రం చూడకండి. ఉన్నవి 12 బిందువులే. పడకల ఆక్యుపెన్సీ కూడా పెట్టాలని ఉంటే నెలల మీద కాకుండా లాగ్‌బుక్‌లోని రోజువారీ రీడింగుల మీద వేయండి, అక్కడ 365 బిందువులుంటాయి. అప్పుడు వాతావరణం రోజును కూడా అర్ధరాత్రి నుంచి కాకుండా ఉదయం 6 నుంచి మర్నాడు 6 దాకా లెక్కించాలి.

తేమ డేటా ఎక్కడిదంటారేమో. విమానాశ్రయాల మెటార్ రిపోర్టుల్లో ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ ఉంటుంది. బేగంపేట కోడ్ VOHY, శంషాబాద్ VOHS. మీ ఆసుపత్రి ఊరి మధ్యలో ఉంది కాబట్టి బేగంపేట దగ్గరగా ఉంటుంది. ఏది తీసుకున్నా బేస్‌లైన్‌కూ తర్వాతి మూడేళ్లకూ అదే స్టేషన్ ఉండాలి, ఆ కోడ్ ప్లాన్‌లో రాసి ఉండాలి. డేటాకు గండి పడితే ఏ స్టేషన్‌తో పూడుస్తారో కూడా ఇప్పుడే రాసుకోండి. డ్యూ పాయింట్ Td నుంచి తేమ Wకు నేను వాడిన సూత్రం:

```
e = 6.112*EXP(17.67*Td/(Td+243.5))
W = 622*e/(950-e)
```

950 అన్నది హైదరాబాద్ ఎత్తుకు సుమారు గాలి పీడనం, హెక్టోపాస్కల్స్‌లో. విశాఖలో అయితే అక్కడ 1010 చుట్టుపక్కల పెట్టుకోవాలి.

ఇప్పుడు కొత్త చిల్లర్లు నడుస్తున్నాయని ఊహించుకుని రెండు నెలలు వేసి చూద్దాం. జూలైలో రోజుకు 6.8 డిగ్రీ డేలు, తేమ 17.6, మీటరు ప్రకారం 3620 యూనిట్లు అనుకోండి. ఇదే వాతావరణంలో పాత ప్లాంటు ఎంత కాల్చేదని రెండు చలరాశుల మోడల్‌ను అడిగితే 4565 అంటుంది. ఆదా 945, అంటే 20.7 శాతం. మీ మొదటి మోడల్ 4300 అంటుంది, దాని ప్రకారం ఆదా 680, అంటే 16 శాతమే. ఏప్రిల్‌లో 12.4 డిగ్రీ డేలు, తేమ 10.8, మీటరు 4080 అనుకోండి. తేమతో ఉన్న మోడల్ ప్రకారం ఆదా 1080, మళ్లీ 21 శాతం దగ్గరే. తేమ లేని మోడల్ ప్రకారం 1265, దాదాపు 24 శాతం. యంత్రం ఒకటే, పనితీరు ఒకటే. ఆదా శాతం ఎండాకాలంలో ఉబ్బి వానాకాలంలో కుంగుతోందంటే ముందు బేస్‌లైన్ మోడల్‌ను అనుమానించండి, చిల్లర్‌ను తర్వాత.

ఆదా ఎంత అన్నదానితో పాటు ఎంత అటూ ఇటూ అన్నది కూడా ప్లాన్‌లో ఉండాలి. యాష్రే 14లో ఉన్న సులువైన సూత్రం ఇది:

```
U = 1.26 * t * (CV/F) * SQRT((1+2/n)/m)
```

F అంటే బేస్‌లైన్‌లో ఎంత భాగం ఆదా అవుతోంది, n బేస్‌లైన్ నెలలు, m కొలిచిన నెలలు, t మనం కోరుకునే నమ్మకాన్ని బట్టి పట్టికలోంచి తీసుకునే విలువ. 90 శాతం నమ్మకానికి, 21 శాతం ఆదాకు, తేమతో ఉన్న మోడల్‌తో ఏడాది మొత్తానికి వేస్తే U సుమారు 6 శాతం వస్తుంది. అంటే రోజుకు 900 యూనిట్ల ఆదా అంటే అటూ ఇటూ 55. తేమ లేని మోడల్‌తో 17 శాతం. అది కూడా తక్కువ చేసి చూపినదే, ఎందుకంటే తేడాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండవని ఈ రూపం అనుకుంటుంది, మీ గుంపులు చూశాం కదా. అకౌంట్స్ వాళ్లు చెప్పిన మెయిన్ బిల్లుల దారిలో, సీవీ అదే 5 శాతం ఉన్నా, ఆదా 10 శాతం లోపే కాబట్టి U దాదాపు 37 శాతానికి చేరుతుంది. 10 లక్షల ఆదా అని చెప్పి, అది 6 లక్షల 30 వేలు కావచ్చు, 13 లక్షల 70 వేలు కావచ్చు అంటే దాని మీద చెక్కు ఎవరు రాస్తారు? సీవీ ఒక్కటే చూస్తే రెండు దారులూ ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా సీవీని ఆదాతో పోల్చినప్పుడే బయటపడుతుంది.

ఇదే సూత్రంలో m చోట ఒక్క నెల పెట్టి చూడండి. మంచి మోడల్‌తో కూడా 20 శాతం వస్తుంది. అందుకని నెలవారీ చెల్లింపును తాత్కాలికం అని రాయించండి. నెలనెలా లెక్కలో తేలిన వాటాలో ఇద్దరూ ఒప్పుకున్నంత భాగం ఇచ్చి, మిగిలింది 12 నెలల లెక్క పూర్తయ్యాక సర్దుబాటు చేసుకునే పద్ధతి అయితే ఇద్దరికీ న్యాయం. కమిషనింగ్ జరిగే నెలను పూర్తిగా వదిలేయండి. ఎప్పుడైనా ఒక నెల డిగ్రీ డేలు గానీ తేమ గానీ బేస్‌లైన్‌లో చూసిన గరిష్ఠం కంటే 10 శాతం దాటి వెళ్తే, మోడల్ చూడని చోటికి దాన్ని లాగుతున్నాం కాబట్టి ఆ నెల మీద విడిగా మాట్లాడుకోవాలని ఒక వాక్యం రాసుకోండి.

మోడల్‌కు అందని విషయాలు రెండు ఉన్నాయి. వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మొదటిది, పాత చిల్లర్లు మే నెల మధ్యాహ్నాల్లో నిజంగా చల్లబరచగలిగాయా అన్నది. లాగ్‌బుక్‌లో బయటికి వచ్చే చిల్డ్ వాటర్ ఉష్ణోగ్రత గడి చూడండి. సెట్ పాయింట్ 7 ఉండి మధ్యాహ్నం 2 నుంచి 5 మధ్య 10, 11 రాసి ఉంటే ఆ గంటల్లో పాత ప్లాంటు చేతులెత్తేసింది. వార్డుల్లో ఉక్కపోత ఫిర్యాదులు కూడా అవే రోజుల్లో ఉంటాయి. అప్పుడు బేస్‌లైన్ ఆసుపత్రికి కావాల్సిన చల్లదనాన్ని కాకుండా, పాత చిల్లర్ ఇవ్వగలిగిన చల్లదనాన్నే కొలిచింది. కొత్త చిల్లర్ 7కే నిలబెట్టి రోగులకు సరైన చల్లదనం ఇస్తే దాని వాడకం పెరుగుతుంది, ఆదా తక్కువగా కనిపిస్తుంది. అది కాంట్రాక్టరుకు అన్యాయం. రోజువారీ బిందువులు గీసి చూస్తే ఎండ ఎక్కువ ఉన్న రోజుల్లో గీత పైకి పోకుండా చదునుగా అయిపోతుంది, అదే గుర్తు. మీ నెలవారీ లెక్కలో మే తేడా మామూలుగానే ఉంది, కానీ నెల సగటు ఇలాంటివాటిని దాచేస్తుంది. అలాంటి రోజులు పది పదిహేను దొరికితే వాటిని బేస్‌లైన్ లెక్క నుంచి తీసేసి, ఎందుకు తీశారో తేదీలతో సహా ప్లాన్‌లో చూపండి.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. కొత్త చిల్లర్ వచ్చాక ఆపరేటరు సెట్ పాయింట్‌ను 7 నుంచి 9కి పెంచితే కరెంటు తగ్గుతుంది, వార్డుల్లో తేమ పెరుగుతుంది. ఆ తగ్గుదల కొత్త యంత్రం ఇచ్చిన ఆదా కాదు, రోగి వదులుకున్న సౌకర్యం. థియేటర్లలో అయితే సౌకర్యం ఒక్కటే కాదు సమస్య. చిల్డ్ వాటర్ సెట్ పాయింట్, థియేటర్ల ఉష్ణోగ్రత, తేమ పరిమితులు, బయటి గాలి డాంపర్ల స్థానం ఇవన్నీ ఈ రోజు ఎలా ఉన్నాయో రాసి ప్లాన్‌కు జతచేయండి. చల్లబరిచే విస్తీర్ణం, పడకల సంఖ్య, థియేటర్ల సంఖ్య కూడా అక్కడే ఉండాలి. రేపు కొత్త వార్డు తెరిస్తే అదనపు భారాన్ని ఎలా లెక్కిస్తారో, ఎవరు లెక్కిస్తారో ముందే తేలిపోవాలి. నా వరకు అడిగితే, కొత్త వార్డు ఏహెచ్‌యూకు వెళ్లే చిల్డ్ వాటర్ లైను మీద విడిగా చల్లదనాన్ని కొలిచే బీటీయూ మీటరు పెట్టి ఆ చల్లదనానికైన యూనిట్లు తీసేయడం కంటే శుభ్రమైన దారి నాకు కనిపించలేదు. బీటీయూ మీటరు పెడితే వెళ్లే నీటికీ వచ్చే నీటికీ జతగా క్యాలిబ్రేట్ చేసిన సెన్సర్లే అడగండి. ఆ రెంటి మధ్య తేడా 5 డిగ్రీలే ఉండే చోట ఒక్కో సెన్సర్ 0.3 డిగ్రీ చొప్పున చెరో వైపు తప్పితే టన్నుల లెక్కలో 12 శాతం పోతుంది.

రెండోది మీటరు. ఇది నా కళ్లముందు జరిగింది. ఒక ఐటీ క్యాంపస్‌లో చిల్లర్లతో పాటు ప్యానెల్ కూడా మార్చారు. లైనులోని కరెంటును తగ్గించి మీటరుకు ఇచ్చే సీటీలు పాతవి 400/5, కొత్తవి 600/5. మీటరు మాత్రం పాతదే బిగించి లోపలి రేషియో మార్చడం మరిచిపోయారు. నిజంగా కాలినదానిలో మూడింట రెండు వంతులే మీటరు చూపించింది. అసలు ఆదా 18 శాతం, రిపోర్టులో 45 శాతం. మూడు నెలలు అందరూ సంబరపడ్డారు, వాటా కూడా చెల్లించేశారు. నాలుగో నెలలో ఇన్‌కమర్ మీద క్లాంప్ మీటరు పెట్టి చూస్తే ఆంపియర్లు ప్యానెల్ డిస్‌ప్లే కంటే ఒకటిన్నర రెట్లున్నాయి. చెల్లించిన డబ్బు వెనక్కి రాబట్టడానికి అప్పుడు నేను తిరిగిన తిరుగుడు ఇంకా గుర్తుంది. రేషియో తప్పు కాబట్టి రోజూ ఒకే నిష్పత్తిలో ఉంటుంది, రిగ్రెషన్ తేడాల్లో అది ఎక్కడా కనిపించదు. మోడల్ ఎంత మంచిదైనా దాన్ని పట్టుకోలేదు.

అందుకని ఈ వారమే ఒక పని చేయండి. మీ ప్యానెల్ తెరిపించి సీటీ నేమ్‌ప్లేట్ల ఫోటో, మీటరు లోపలి రేషియో సెట్టింగు స్క్రీన్ ఫోటో, పూర్తి లోడులో మూడు ఫేజుల క్లాంప్ రీడింగు తీసుకుని తేదీ వేసి ప్లాన్‌కు జతచేయండి. కొత్త ప్యానెల్ ఎనర్జైజ్ చేసిన రోజు ఇవే మూడూ మళ్లీ తీయాలని, క్లాంపుకూ మీటరుకూ 3 శాతం మించి తేడా ఉంటే లెక్క మొదలుపెట్టకూడదని రాయించండి.

రూపాయల గురించి ఒక్క మాట. ఆదా అయిన యూనిట్లను మీ బిల్లు సగటు రేటుతో గుణించనివ్వకండి. హెచ్‌టీ బిల్లులో కేవీఏ డిమాండు చార్జీ కూడా కలిసి ఆ సగటు ఉబ్బి ఉంటుంది. యూనిట్లకు ఎనర్జీ చార్జీ మాత్రమే, అదీ టైమ్ ఆఫ్ డే స్లాబుల ప్రకారం వేయాలి. డిమాండు ఆదాను అడిగితే ఆ నెల మెయిన్ మీటరు రికార్డు చేసిన గరిష్ఠ డిమాండు సమయాన ప్లాంటు ఎంత తీసుకుందో లోడ్ సర్వే డేటాతో చూపించమనండి. మీ కాంట్రాక్ట్ డిమాండులో 80 శాతానికి కనీస బిల్లింగు ఉంటే, గరిష్ఠ డిమాండు అంతకంటే కింద ఉన్న నెలల్లో కేవీఏ తగ్గినా మీ బిల్లులో ఒక్క రూపాయి కూడా తగ్గదు, ఆ నెలలకు డిమాండు వాటా చెల్లించాల్సిన పనే లేదు. మీ డిస్కం ఒప్పందంలో ఆ నిబంధన ఎలా ఉందో చూసి చెబితే ఆ వాక్యం ఎలా రాయాలో చెబుతాను.